సత్తవ్వా, సత్తెవ్వా?

కరీంనగర్‌లో కమాన్ దాటి గంజ్ వైపు పోయే దారిలో వెంకటేశ్వర్‌రావు గారి అచ్చాపీసు ఉండేది. పెళ్లి పత్రికలు, సహకార సంఘాల ఫారాలు, సినిమా కరపత్రాలు అక్కడ అచ్చయ్యేవి. ఎప్పుడో ఏడాదికొకసారి ఎవరో ఒక పంతులు రాసిన శతకం వచ్చేది. ఆ అచ్చాపీసు వెనక గదిలో, కిటికీ పక్కన, ఒకే కుర్చీలో పదమూడేళ్లు కూర్చున్న మనిషి పేరు ఇస్తారి. ప్రూఫులు దిద్దడం అతని పని.

ఇస్తారి చిన్నప్పుడు చదివింది ఉర్దూ బడిలో. నిజాం కాలంలో జిల్లా కచేరీలో నకళ్లు రాసే కొలువు దొరికింది. ఒకరి కాగితాన్ని చూసి, ఉన్నదున్నట్టు ఇంకొక కాగితం మీదికి ఎక్కించాలి. అక్కడే అతనికి అక్షరమంటే భయం పట్టుకుంది. ఉర్దూలో ఒక చుక్క పైన పడాల్సింది కింద పడితే పేరు మారిపోతుంది. పేరు మారితే ఒకని చెలక భూమి ఇంకొకని పాలవుతుంది. తెలుగు అతను ఇరవై రెండేళ్లు దాటాక గ్రంథాలయంలో కూర్చుని, పత్రికల మీద వేలు పెట్టి ఒక్కొక్క గుణింతమే నేర్చుకున్నాడు. చిన్ననాడే నేర్చినవాళ్లకు మాట మొత్తంగా కనబడుతుంది. పెద్దయ్యాక నేర్చిన ఇస్తారికి మాటలోని ప్రతి అక్షరమూ విడివిడిగా కనబడేది. పోలీసు చర్య తర్వాత ఉర్దూ కాగితాలు తగ్గుతూ వచ్చి కొలువు పోయినప్పుడు, ఆ చూపే అతనికి అచ్చాపీసులో చోటు సంపాదించి పెట్టింది.

ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లయిన మూడో ఏడు భార్య కలరా గత్తరకు పోయింది. మళ్లీ చేసుకోమని అక్క సిరిసిల్ల నుంచి వచ్చి పోరింది. రెండు మూడేళ్లు పోరి ఆమె కూడా మానేసింది. సాయంత్రం పని ముగించుకుని గదికి పోయి, పొయ్యి వెలిగించి, జొన్నరొట్టె చేసుకుని తినేవాడు. తెల్లారి తాళం వేసుకుని అచ్చాపీసుకు వచ్చేవరకు అతని నోట మాట వచ్చే అవసరమే ఉండేది కాదు. అచ్చాపీసులో కూడా అంతే. అచ్చులు కూర్చే హనుమండ్లు ముందుగదిలో, అక్షరాల గడులున్న కేసుల ముందర నిలబడి పని చేసేవాడు. ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, దిద్దినది తీసుకుపోయేవాడు. ఇద్దరికీ కాగితమే మాట్లాడేది.

1961లో, వానలు మొదలైన రోజుల్లో, ఒక నవల రాతప్రతి వచ్చింది.

రాసినాయన ప్రేమ్‌సాగర్‌రావు. బెల్లంపల్లి బొగ్గుగనుల బస్తీలో బడిపంతులు. మంచి భూములున్న ఇంట్లో పుట్టి, అవి అన్నదమ్ములకు వదిలేసి గనికార్మికుల పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆ మాఘమాసంలోనే చనిపోయాడు. ఆయన రాసిన ‘దీపాల గది’ అనే నవలను సంవత్సరీకం నాటికి పుస్తకంగా తేవాలని భార్య ప్రమోదిని, బడి పాత విద్యార్థులు అనుకున్నారు. రాతప్రతిని ఆమే శుభ్రంగా తిరగరాసి పంపింది. మొదట పది అధ్యాయాలు. మిగిలినవి రాసి పంపుతానని చీటీ పెట్టింది.

వెంకటేశ్వర్‌రావు ఆ కట్ట తెచ్చి ఇస్తారి బల్ల మీద పెట్టాడు.

“ఇస్తారీ, గిది మామూలు పని కాదు. సచ్చిపోయిన మనిషి పుస్తకం. అడుగుదామంటే ఆయన లేడు. జర పైలంగ సూడు.”

“మొత్తం వచ్చినంక మొదలుపెడితె మంచిగుంటది సార్,” అన్నాడు ఇస్తారి. “ఎన్కకు ఏముందో తెల్వకుండ ముందటిది అచ్చేస్తె తిప్పలైతది.”

“సంక్రాంతి దాటితె ఎలక్షన్ కరపత్రాలు మీద వడుతయి. గప్పుడు మిషన్ ఎక్కడ ఖాళీ ఉంటది? ఉన్నది మొదలుపెట్టు.”

ఇస్తారి చెప్పింది నిజమే. ఆ అచ్చాపీసులో ఉన్న అచ్చులు ఎనిమిది పేజీలకు మించి సరిపోవు. ఎనిమిది పేజీలు కూర్చి, ఫారం కట్టి, వెయ్యి కాగితాలు అచ్చు తీశాక, ఆ అచ్చులన్నీ విప్పి మళ్లీ కేసుల్లో ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేస్తేనే తర్వాతి ఎనిమిది పేజీలకు పని నడిచేది. ఒక ఫారం మిషన్ దిగిందంటే అందులోని తప్పు ఇక దిద్దడానికి లేదు.

ఇస్తారి తన పద్ధతిలో మొదలుపెట్టాడు. ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని గీతలు గీశాడు. నవలలో కొత్త మనిషి వచ్చినప్పుడల్లా ఆ పేరు అందులో ఎక్కించి, పక్కన రాతప్రతి పుట సంఖ్య వేశాడు. పోశం, గనిలో దిగే మనిషి. సత్తవ్వ, పోశం భార్య. మొగిలి, గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే దీపాల గదిలో గుమాస్తా. తర్వాత అదే పేరు ఎక్కడ ఎదురైనా కాగితంతో సరిపోల్చి చూసేవాడు. పది అధ్యాయాల్లో పేర్లు ఒక్కచోట కూడా తప్పలేదు. కథంతా జరిగిపోయిన కాలంలో నడిచింది. వచ్చాడు, దిగాడు, అన్నాడు. మనుషుల మాటలకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు, గుర్తు మూసేముందు కామా, ఆ తర్వాత ‘అన్నాడు పోశం’. బడిపంతులు రాత బడిపంతులు రాతలాగే ఉంది.

హనుమండ్లుకే చిక్కు వచ్చింది. కొటేషన్ గుర్తుల అచ్చులు తక్కువ. తెరిచే గుర్తుకు కామాలను తలకిందులుగా పెట్టి నెట్టుకొచ్చేవాడు.

“ఇస్తారీ, గీ నవలల అందరు మాట్లాడుడేనా? నా కామాలన్ని ఒడ్సిపాయె. జరసేపు నోర్లు మూసుకొమ్మను,” అని ఒకరోజు కసురుకున్నాడు. ఇస్తారి నవ్వాడు. ఆ నెలలో అతను నవ్వింది అదొక్కసారే కావచ్చు.

దసరా పోయిన వారానికి రెండో కట్ట వచ్చింది. పదకొండు నుంచి పద్దెనిమిది దాకా అధ్యాయాలు. అప్పటికి మొదటి పది అధ్యాయాలూ అచ్చయి, కాగితాలు మూలన దొంతరలుగా పేర్చి ఉన్నాయి.

చేతిరాత అదే. ప్రమోదిని గుండ్రటి రాత. పదకొండో అధ్యాయం మొదటి పుట ఇస్తారి సాఫీగా చదివాడు. రెండో పుటలో ఆగిపోయాడు.

‘సత్తవ్వ పొయ్యి ముందర కూర్చుంది. కట్టెలు తడిసి ఉన్నాయి. గొట్టంతో ఊదింది. మంట లేవలేదు. పొగ వస్తుంది. సత్తెవ్వ కళ్లు తుడుచుకుంటుంది. గని కూత వినబడుతుంది. ఇంకా రాలేదేమని సత్తెవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది.’

నాలుగు వాక్యాలు జరిగిపోయినవి. ఐదో వాక్యం నుంచి ఇప్పుడే కళ్లముందు జరుగుతున్నది. ఆ ఐదో వాక్యం దాటగానే సత్తవ్వ సత్తెవ్వ అయింది.

పేర్ల కాగితం తీసి చూశాడు. సత్తవ్వ, ముప్పై ఏడు చోట్ల. సత్తెవ్వ, ఒక్కచోట కూడా లేదు. చెయ్యి జారి ఉంటుందనుకుని ముందుకు పోయాడు. కానీ అక్కణ్నుంచి ప్రతిచోటా సత్తెవ్వే. పోశం పోషం అయ్యాడు. కాలం మధ్యమధ్య వెనక్కి పోవడానికి ప్రయత్నించినట్టు ఒక వాక్యం ‘అన్నాడు’ అని వస్తుంది, మరుక్షణం ‘అంటాడు’ అయిపోతుంది. కొటేషన్లు పూర్తిగా మాయమయ్యాయి. మాట ముందర ఒక అడ్డగీత, అంతే. కొన్నిచోట్ల అదీ లేదు. ఎవరు మాట్లాడుతున్నారో వాక్యం చివరిదాకా పోతేగాని తెలియదు.

ఇస్తారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నకళ్లు రాసిన రోజుల్లో ఇలాంటిది చాలాసార్లు చూశాడు. దస్తావేజు మొదట ఒకరు చెప్పి రాయించి, మధ్యలో ఇంకొకరు చెప్పినప్పుడు ఇలాగే ఉండేది. చేతిరాత ఒకటే అయినా, చెప్పిన మనిషి మారినట్టు పేర్లే పట్టిచ్చేవి. పలికే తీరు మనిషికొకటి. ఒకరు సత్తవ్వ అంటే ఒకరు సత్తెవ్వ అంటారు.

ఎవరితోనూ ఏమీ అనలేదు. వెంకటేశ్వర్‌రావు అడిగితే, “ఈ కట్టల దిద్దేది జర ఎక్కువున్నది సార్,” అని మాత్రం చెప్పాడు.

“ముందటిది అచ్చయిపోయింది కద. దానికి తగ్గట్టు చెయ్యి,” అన్నాడు రావు.

అది తప్ప దారి కూడా లేదు. వంద పేజీలు సత్తవ్వ అని చదివిన వాళ్లకు నూటొకటో పేజీలో సత్తెవ్వ ఎదురైతే ఇంకొక మనిషి వచ్చిందనుకుంటారు. ఇస్తారి ఎర్రసిరాతో ప్రతి సత్తెవ్వలోని ఎత్వాన్ని కొట్టి పక్కన తలకట్టు వేశాడు. ప్రతి పోషంలోని ‘ష’ను ‘శ’ చేశాడు. క్రియలు దిద్దడం అంత సులువు కాలేదు. ‘నిలబడుతుంది’ని ‘నిలబడింది’ చేస్తే సరిపోదు. దాని వెంట ఉన్న ‘ఇప్పుడు’ను ‘అప్పుడు’ చేయాలి, ‘రేపు’ను ‘మర్నాడు’ చేయాలి. అలాగని దొరికిన ప్రతి క్రియనూ మార్చకూడదు. గని కూత రోజూ వినబడేదే అయితే అది ‘వినబడేది’ కావాలి. మనిషి నోటి మాటలో ఉన్న ‘వస్త’ను ముట్టుకోకూడదు, అది సత్తవ్వ మాట, కథ చెప్పేవాళ్లది కాదు. ఒక్కొక్క పుటకు పూట పట్టేది.

అన్నింటికంటే కష్టం మాటల గుర్తులతో వచ్చింది. అడ్డగీతలు తీసి కొటేషన్లు పెట్టాలంటే మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, అది ఎవరిదో తెలియాలి. తెలియనిచోట ఇస్తారి తనంతట తాను నిర్ణయించేవాడు కాదు. అంచున పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి, వేరే చీటీ మీద పుట, వరుస రాసి అడిగేవాడు. అలాంటి చీటీలు కవరులో పెట్టి బెల్లంపల్లికి పంపడం మొదలుపెట్టాడు.

వారానికి జవాబు వచ్చింది. కవరు మీద ‘ప్రూఫ్‌రీడరు ఇస్తారి గారికి’ అని ఉంది. టపా మనిషి ఆ పేరు చదివి ముందుగదిలో అటూ ఇటూ చూశాడట. అక్కడ ఇస్తారికి ఉత్తరం రావడం అదే మొదలు. పేరు చివర ‘గారు’ చూడటం కూడా.

జవాబులు పొట్టిగా ఉండేవి. ‘పుట 131: ఆ మాట మొగిలిది. పుట 138: అది మాట కాదు, మనసులో అనుకున్నది, గుర్తులు వద్దు.’ ఇస్తారి ఆ చీటీలు దిద్దుబాటు అయిపోయాక పారెయ్యలేదు. సొరుగులో పెట్టుకున్నాడు. టపా వచ్చే వేళకు కిటికీలోంచి దారి వైపు చూడటం అలవాటైంది. ఒకసారి పదిహేనో అధ్యాయంలో అడగవలసిన అనుమానం ఏదీ లేకపోయింది. అయినా ఒక చీటీ రాశాడు. రాసి, దాన్ని చదువుకుని, జవాబు తనకు తెలిసిన ప్రశ్నేనని ఒప్పుకుని చింపేశాడు. పనిలో అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. ఆ వారం ఉత్తరం రాలేదు.

పదిహేడో అధ్యాయంలో పోశం గని ప్రమాదంలో దెబ్బ తిని ఇంట్లో మంచం పట్టి ఉంటాడు. భార్యాభర్తల మధ్య మాటలు వరుసగా అడ్డగీతలతో నడుస్తాయి. ఏది ఎవరిదో లెక్కించుకుంటూ వస్తే ఒకచోట లెక్క తప్పింది. ‘దీపం తీయకు, నీ ముఖం కనబడనీ’ అన్న మాట భర్తదైనా కావచ్చు, భార్యదైనా కావచ్చు. ఇస్తారి చీటీ రాశాడు: ‘పుట 214, 11వ వరుస. ఈ మాట అన్నది పోశమా, సత్తవ్వా?’

జవాబు ఒక్క వాక్యం.

‘ఆయన అన్నారు.’

ఇస్తారి దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. నవల పొడుగునా పోశం ‘అన్నాడు’, ‘అంటాడు’. రాసినవాళ్లు పోశాన్ని ఎక్కడా ‘అన్నారు’ అనలేదు. ఈ చీటీలో ఉన్నది పోశం కాదు. కిందటి మాఘంలో బెల్లంపల్లిలో మంచం మీద పడుకుని, దీపం తీయవద్దని అన్న మనిషి.

పదకొండో అధ్యాయం రెండో పుటలో ఐదో వాక్యం నుంచి ఈ నవల రాస్తున్నది ప్రమోదినేనన్న అనుమానం అప్పుడు నిజమని తేలింది. అయితే తను ఇన్ని రోజులుగా ఎర్రసిరాతో కొట్టేస్తున్నది ఎవరినో కూడా తెలిసింది. ఆ పూట ఇస్తారి ఇంకొక వరుస దిద్దలేదు. తెల్లారి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. పుస్తకం మీద ఉండే పేరు ఒకటే అయినప్పుడు, లోపల ఒకే గొంతు వినబడాలి. తన పని అదే.

డిసెంబరు చివర్లో, ఎన్నికల పనికని రావు తెప్పించిన కొత్త అచ్చులతో, ఆఖరి అధ్యాయాల పేజీ ప్రూఫులు ఒకేసారి సిద్ధమయ్యాయి. అచ్చుకు పోయేముందు ఒకసారి చూసుకుంటానని ప్రమోదిని కబురు పెట్టి వచ్చింది. బెల్లంపల్లి నుంచి పెద్దపల్లి దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. నలభై ఏళ్లుంటాయి. నేత చీర, చేతిలో గుడ్డసంచి. వెంకటేశ్వర్‌రావు ఆమెను మర్యాదగా వెనక గదిలోకి తీసుకొచ్చి, ఒక కుర్చీ తెప్పించి, “ఈయననే అమ్మా, మా ఇస్తారి,” అని చెప్పి వెళ్లాడు.

ఇస్తారి లేచి నిలబడ్డాడు. ఎక్కడ చూడాలో తెలియక బల్ల మీది కాగితాలు సర్దాడు.

“కూసోండ్రి ఇస్తారి గారు,” అంది ఆమె. “మీ చీటీలతోని నాకు పరిచయమే. మీరు ఒక్కరే సూస్తరా గిదంత?”

“ఒక్కన్నే అమ్మా. పెద్ద అచ్చాపీసులల్ల ఇద్దరుంటరు. ఒకరు రాతప్రతి గట్టిగ సదువుతరు, ఇంకొకరు ప్రూఫు సూస్తరు. ఇక్కడ గంత మంది లేరు.”

“అయితే ఇయ్యాల నేను సదువుత. మీరు సూడుండ్రి.”

అలా మొదలైంది. ఆమె రాతప్రతి పట్టుకుని చదువుతుంటే, ఇస్తారి ప్రూఫు మీద పెన్సిల్ మొన జరుపుకుంటూ పోయాడు. ఎలా చదవాలో మొదట చెప్పాడు. మాటతో పాటు గుర్తులు కూడా పైకి చదవాలి. కొటేషన్ తెరువు, నేను రాను, కామా, కొటేషన్ మూయి, అన్నాడు పోశం, ఫుల్‌స్టాప్. ఆమెకు మొదట నవ్వొచ్చింది. నాలుగు పుటలయ్యేసరికి అలవాటైంది. ఎనిమిదేళ్ల కొలువులో ఇస్తారికి రాతప్రతి చెవిన పడటం అదే మొదటిసారి. కళ్లకు పని సగం తగ్గింది. కానీ అతను అలిసిపోయినవాడిలా మాటిమాటికీ ఆగేవాడు. ఇంకొక మనిషి గొంతు అంతసేపు వినడం అలవాటు తప్పిపోయింది.

పదిహేడో అధ్యాయంలో ఆమె చదువుతున్నది ప్రూఫుతో కలవడం మానేసింది.

“పోషం కళ్లు తెరుస్తాడు, ఫుల్‌స్టాప్. దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి, ఫుల్‌స్టాప్. సత్తెవ్వ చెంగుతో…”

ప్రూఫులో ‘పోశం’, ‘తెరిచాడు’, ‘తిరిగాయి’, ‘సత్తవ్వ’ అని ఉంది. ఆమె ఎర్రసిరా దిద్దుబాట్లను చూడటం లేదు. తను రాసిందే చదువుతోంది. ఇస్తారి పెన్సిల్ ఆపేశాడు. ఆపమని చెప్పలేదు. ఆమె ఆ పుట చివరిదాకా చదివింది. అప్పుడు కాగితం కిందికి దించి, ఎర్రటి గీతల వైపు చూసింది.

“ఇవన్ని మీరు మార్చిన్రు.”

“అవునమ్మా. ముందటి పది అధ్యాయాలకు కలవాలె కద.”

“మీకు ఎప్పుడు ఎరుకైంది?”

ఇస్తారి కావాలంటే అబద్ధం చెప్పవచ్చు, చెప్పలేదు. “పదకొండో అధ్యాయం రెండో పుటల అనుమానం వచ్చింది,” అన్నాడు. “మీ జవాబు చీటీ సూసినంక ఎరుకైంది.”

ఆమె చేతిలోని కాగితాలను బల్ల మీద పెట్టింది. ముందుగదిలో హనుమండ్లు అచ్చులను గడుల్లో వేస్తున్న చప్పుడు వినబడుతోంది.

“పదకొండో అధ్యాయం మొదటి పుట ఆయన రాసిందే,” అంది. “రెండో పుటల పొయ్యి ఊదిందాక సుత. ఆ తర్వాత పెన్ను పట్టలేకపోయిండ్రు. సూడొచ్చినోళ్లందరికి ‘పుస్తకం అయిపోయింది, తిరగరాసుడే ఉన్నది’ అని చెప్పేటోళ్లు. ఎందుకట్ల చెప్పేటోళ్లో నాకు ఇప్పటికి తెల్వది. పోయినంక అందరు వచ్చి పుస్తకమేదని అడిగిన్రు. లేదని ఎట్ల చెప్పుదు?”

“అట్ట మీద మీ పేరు సుత ఎయ్యొచ్చు కదమ్మా.”

“నా పేరేస్తే ఆయన చెప్పింది అబద్ధమైతది. వద్దు.” ఆమె సంచిలోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంది. “నేను ఆయన లెక్కనే రాయాలని మస్తు ప్రయత్నం చేసిన. వచ్చిండు, పోయిండు అన్నట్టు. రాలే. ఇంట్ల కూసోని రాస్తుంటే ఏదీ అయిపోయినట్టు అనిపియ్యలే. అన్ని ఇప్పుడే అయితున్నట్టుండె.”

ఇస్తారి పేర్ల కాగితం మడత విప్పి, మళ్లీ మడిచాడు. తర్వాత తనకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాడు.

“అమ్మా, నేను ఒకటి చెప్పుత. వాక్యం నడుమ కాలం మారితె తప్పు. పేరా నడుమ మారితె తప్పు. సదివేటోడు తప్పిపోతడు. కని ఒక అధ్యాయం మొదటి అక్షరం నుంచి ఆఖరి దాక ఒకటే కాలంల ఉంటే అది తప్పు కాదు. రాసినోళ్లు కావాలనే రాసిన్రనుకుంటరు.”

ఆమె తలెత్తి చూసింది.

“పదకొండు నుంచి పదిహేడు దాక ముందటి వాటితోని కలిసిపోయినయి. వాటిని ముట్టద్దు. ఆఖరుది, పద్దెనిమిదోది, పోశం పోయినంక సత్తవ్వ ఒక్కతే ఉండేది, దాన్ని మీరు రాసినట్టె ఉంచుదాం. నడుమల ఆరు చోట్ల మీరు ‘అన్నాడు’, ‘పోయింది’ అని జారిన్రు. ఆ ఆరు దిద్దితె అధ్యాయం మొత్తం ఒకటే తీరుగుంటది. పేర్లు మాత్రం సత్తవ్వ, పోశం. అవి మార్చరాదు. కొటేషన్లు సుత ముందటి లెక్కనే.”

“అచ్చు కూర్చిండ్రు కద? మళ్ల విప్పాల్నా?”

“విప్పాలె. హనుమండ్లు తిడుతడు.”

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు నిండాయి. “ఆ ఆరు చోట్లు సూపియ్యుండ్రి,” అంది.

మిగిలిన మధ్యాహ్నమంతా ఇద్దరూ పద్దెనిమిదో అధ్యాయం మీద కూర్చున్నారు. ఇస్తారి తన ఎర్ర గీతల కింద చుక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. కొట్టేసినదాన్ని ఉన్నట్టే ఉంచమని కంపోజిటరుకు అది గుర్తు. రెండుచోట్ల ఆమె అతని దిద్దుబాటే బాగుందంది. ఒకచోట అతను ఆమెతో వాదించి ఓడిపోయాడు. బస్సు వేళకు ఆమె లేచింది. గుమ్మం దాకా పోయి, “ఉంట ఇస్తారి గారు,” అంది. ఇస్తారి దండం పెట్టాడు. ఇంకేదో అనాలనుకున్నాడు గాని, అనుకున్న మాట దొరికేసరికి ఆమె దారి దాటిపోయింది.

హనుమండ్లు తిట్టాడు. ‘నిలబడింది’ తీసి ‘నిలబడుతుంది’ పెడితే వరుస పెరుగుతుంది. వరుస పెరిగితే పక్క వరుసలోకి మాట దొర్లుతుంది. అలా పేజీకి పేజీ జరపాలి. రెండు రోజులు కూర్చిందే కూర్చాడు. “రాసినాయన సచ్చిపోయిండంటరి, మల్ల ఈ మార్పులు ఎవలు చేస్తున్నరు?” అని అడిగాడు. “రాతప్రతిల ఉన్నదే. నేనే తప్పు దిద్దిన,” అన్నాడు ఇస్తారి. అది నిజమే. వెంకటేశ్వర్‌రావు కూడా ఆలస్యానికి నాలుగు మాటలన్నాడు. పడ్డాడు.

మాఘంలో బెల్లంపల్లి బడిలో సభ జరిగింది. వెంకటేశ్వర్‌రావు పోయి వచ్చాడు. ఇస్తారిని ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఎన్నికల కరపత్రాల ప్రూఫులు బల్ల నిండా ఉన్నాయి.

“మస్తు జనం వచ్చిన్రు,” అని రావు చెప్పాడు. “ఆఖరి అధ్యాయం గురించే అందరు మాట్లాడిన్రు. తను పోయినంక పెండ్లాం ఎట్లుంటదో ముందే సూసినట్టు రాసిండట. అంత సదివిన పెద్దాయన ఒకాయన స్టేజీ మీదనే కండ్లు తుడుసుకున్నడు.”

“అమ్మగారు ఏమన్నది?”

“ఏమంటది? ఒక మూలకు కూసున్నది.”

ఇస్తారి మళ్లీ ప్రూఫు వైపు తిరిగాడు.

నెల తర్వాత టపాలో ఒక పుస్తకం వచ్చింది, లోపల చిన్న ఉత్తరంతో. ‘ఇస్తారి గారికి నమస్కారం. పుస్తకం రెండుసార్లు చదివాను. పుట 163, పైనుంచి తొమ్మిదో వరుసలో సత్తెవ్వ అని ఉంది. మీరు చూడలేదా, చూసి ఉంచారా?’

ఇస్తారి ఆ పుట తెరిచాడు. ఉంది. ఎత్వంతో, నిటారుగా నిలబడి ఉంది. నాలుగుసార్లు చదివిన పుట. మూడు రోజులు అతనికి అన్నం సహించలేదు. చూసి ఉంచానని రాస్తే ఆమె సంతోషిస్తుందని తెలుసు. ఆ ఉత్తరాన్ని కూడా ఒకసారి మనసులో రాసుకున్నాడు. చివరికి కార్డు మీద రాసింది ఇది: ‘చూడలేదమ్మా. తప్పు నాదే. క్షమించగలరు.’

దానికి జవాబు రాలేదు. అలా రాసి ఉండకూడదేమోనని ఇస్తారి చాలాకాలం అనుకున్నాడు. మరోలా రాయలేకపోయేవాణ్నని కూడా అనుకున్నాడు.

ఆ ఎండాకాలం అతను వెంకటేశ్వర్‌రావును మొదటిసారి ఒకటి కోరాడు. రాతప్రతి చదవడానికి ఒక మనిషిని పెట్టమన్నాడు. ఇంత చిన్న అచ్చాపీసుకు ఇద్దరెందుకని రావు అనడం, సరేనని ఇస్తారి వెనక గదిలోకి పోవడం, అంతే. అప్పటి నుంచి అతను తనే పైకి చదువుకోవడం మొదలుపెట్టాడు. ఒక వరుస రాతప్రతి పైకి చదివి, ఒక వరుస ప్రూఫు చూసేవాడు. చిరంజీవి, కామా, సౌభాగ్యవతి, కామా. దారిన పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, ఎవరితో మాట్లాడుతున్నాడని హనుమండ్లును అడిగేవారు.

1967లో అతని కళ్లలో పొర కమ్మింది. ఒకరోజు శుభలేఖలో వధువు తల్లిదండ్రుల పేర్లలో ‘ప’కు, ‘వ’కు తేడా కనబడలేదు. దీపం దగ్గరికి జరుపుకుని చూసినా కనబడలేదు. ఆ ప్రూఫును ఇంకొకరిచేత చూపించండని రావుకిచ్చి, మర్నాటి నుంచి రానని చెప్పాడు. రావు ఉండమన్నాడు.

“తప్పు కంటవడకుండ పోతదని ఎరుక ఉండి కూసునుడు మంచిగుండది సార్,” అన్నాడు ఇస్తారి.

సిరిసిల్లలో అక్క ఇంటికి పోయాడు. సామాన్లు ఒక్క ట్రంకుపెట్టెలో సరిపోయాయి. అక్కడ మగ్గాల చప్పుడు పొద్దంతా ఉండేది. మొదట్లో ఆ చప్పుడు భరించలేకపోయాడు. పోనుపోను, అరుగు మీద గోడకానుకుని కూర్చుని, మధ్యాహ్నాలు దాన్నే, ఎవరో పక్కన కూర్చుని పైకి చదువుతున్నట్టు, వింటూ ఉండేవాడు.